కండక్టోమెట్రిక్ టైట్రేషన్: V ఆకారపు గ్రాఫ్ నుంచి ఎండ్ పాయింట్ సరిగ్గా రాబట్టడం ఎలా

హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబ్‌లోనూ, బీఎస్సీ ప్రాక్టికల్స్‌లోనూ ఈ ప్రయోగం తప్పకుండా ఉంటుంది. బీకరులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, పక్కన కండక్టివిటీ మీటర్. మిల్లీలీటరు చొప్పున క్షారం వదులుతూ రీడింగులు రాసుకుని గ్రాఫ్ గీస్తే V ఆకారం వస్తుంది. దాని అడుగున ఎండ్ పాయింట్ ఉంటుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఒకే సీసాలోని ఆమ్లాన్ని పదిమంది చేస్తే రెండు మూడు శాతం తేడాతో పది రకాల జవాబులు వస్తుంటాయి. ఆ తేడాలో ఎక్కువ భాగం మీటరు వల్ల వచ్చేది కాదు, గ్రాఫ్ గీసే పద్ధతి వల్ల వచ్చేది.

ఫినాఫ్తలీన్ వేసి చేసే టైట్రేషన్‌లో చివరి చుక్కే ప్రాణం. అక్కడ అలవాటైన చెయ్యి ఇక్కడ కూడా అతి తక్కువ రీడింగ్ ఎక్కడొస్తుందా అని వెతుకుతుంది. ఈ పద్ధతిలో ఎండ్ పాయింట్‌ను వెతికి పట్టుకోరు. దానికి దూరంగా, రెండు వైపులా ఉన్న బిందువులతో రెండు సరళరేఖలు గీసి, అవి ఎక్కడ కలుస్తాయో చూస్తారు. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ రెండు గీతలు నిజంగా సరళరేఖలుగా రావడం కోసమే.

గ్రాఫ్ V లాగా ఎందుకు వస్తుంది

ద్రావణంలో కరెంటును మోసేవి అయాన్లు. అన్నీ ఒకే వేగంతో మోయవు. 25 డిగ్రీల దగ్గర, చాలా పల్చని ద్రావణంలో ఒక మోల్ అయాన్ల వాహకతను సీమెన్స్ చదరపు సెంటీమీటర్లలో చెబితే హైడ్రోజన్ అయాన్‌కు సుమారు 350, హైడ్రాక్సైడ్‌కు 198, క్లోరైడ్‌కు 76, సోడియంకు 50. హైడ్రోజన్ అయాన్ అంత ముందుండడానికి కారణం అది నీటిలో ఈదుకుంటూ పోకపోవడమే. తాపీ పని దగ్గర వరసగా నిలబడ్డ కూలీలు ఇటుకను చేతుల మీదుగా అందించినట్టు, ఒక నీటి అణువు ప్రోటాన్‌ను పక్క అణువుకు అందిస్తుంది. దీన్నే గ్రాటస్ యంత్రాంగం అంటారు. హైడ్రాక్సైడ్ కూడా ఇలాంటి అందివ్వడంతోనే మిగతా వాటికంటే వేగంగా కదులుతుంది.

ఇప్పుడు క్షారం వదిలితే ఏం జరుగుతుందో చూడండి. వచ్చిన ప్రతి హైడ్రాక్సైడ్ ఒక హైడ్రోజన్ అయాన్‌తో కలిసి నీరైపోతుంది. దాని చోటులోకి ఒక సోడియం వస్తుంది. క్లోరైడ్ సంఖ్య మారదు. అంటే 350 మోసేది పోయి 50 మోసేది వచ్చింది, ప్రతి మార్పిడికీ 300 నష్టం. గ్రాఫ్ నిటారుగా కిందికి దిగేది అందుకే. ఆమ్లం అంతా అయిపోయాక వచ్చే హైడ్రాక్సైడ్‌కు కలవడానికి ఎవరూ ఉండరు. సోడియం 50, హైడ్రాక్సైడ్ 198, రెండూ కలిపి 248 లాభం. గ్రాఫ్ మళ్లీ పైకి లేస్తుంది, కానీ దిగినంత నిటారుగా కాదు. ఎడమ కాలు కుడి కాలు కంటే నిటారుగా ఉండాలి, వాలుల నిష్పత్తి 300కి 248, అంటే సుమారు 1.2. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అడుగు బిందువు సున్నాకు చేరదు. అక్కడ ఉప్పు నీళ్లు మిగులుతాయి కదా. మొదట్లో ఆమ్లానికి 350, 76 కలిపి 426 ఉంటే, చివర ఉప్పుకు 50, 76 కలిపి 126. అంటే V అడుగు, మొదటి రీడింగులో దాదాపు 30 శాతం దగ్గర ఉండాలి.

ద్రావణాలు ఎంత గాఢతలో తీసుకోవాలి

ఆమ్లం 0.01 మోలార్ చుట్టుపక్కల, క్షారం 0.1 మోలార్ చుట్టుపక్కల తీసుకోండి. క్షారం పది రెట్లు ఎందుకంటే, బ్యూరెట్ నుంచి వచ్చేది క్షారం మాత్రమే కాదు, దానితో పాటు నీళ్లూ వస్తాయి. ఆ నీళ్లు బీకరులోని అయాన్లన్నిటినీ పల్చన చేస్తాయి, గీత వంగుతుంది. రెండూ ఒకే గాఢతలో తీసుకుంటే తుల్య బిందువు దగ్గరికి వచ్చేసరికి ద్రావణం రెట్టింపు అవుతుంది. అప్పుడు V స్థానంలో గిన్నెలాంటి వంపు వస్తుంది, గీత ఎక్కడ గీయాలో తెలియదు.

మరి ఒక మోలార్ క్షారం తీసుకుంటే ఇంకా మంచిది కాదా అంటే, కాదు. అప్పుడు మొత్తం టైట్రేషన్ అర మిల్లీలీటరులో అయిపోతుంది. మైక్రో బ్యూరెట్ లేకుండా దాన్ని నమ్మకంగా కొలవలేరు. 50 మి.లీ. ఆమ్లానికి 10 మి.లీ. బ్యూరెట్, పది రెట్ల క్షారం, ఈ జోడీ మామూలు ల్యాబ్‌కు సరిగ్గా సరిపోతుంది. 10 మి.లీ. బ్యూరెట్ మీద గీతలు సాధారణంగా 0.05 మి.లీ.కి ఒకటి ఉంటాయి. 50 మి.లీ. బ్యూరెట్‌తోనే చేయాల్సి వస్తే అందులో గీతలు 0.1 మి.లీ.కి ఒకటి కాబట్టి 0.05 తేడా సులువుగా వచ్చేస్తుంది. ఐదు మిల్లీలీటర్ల మీద అది ఒక శాతం.

క్షారం తయారీలో ఒక ముఖ్యమైన విషయం ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు గాలిలో తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ రెండిటినీ పీల్చుకుంటాయి. జులై, ఆగస్టు వానల్లో సీసా మూత తీసి తూకం వేసేలోపే బిళ్లలు మెరుస్తూ తడిసిపోతాయి. కాబట్టి తూకాన్ని నమ్మి గాఢత రాయకూడదు. 250 మి.లీ.కి సుమారు 1.05 గ్రాములు తీసుకుని, ముందే మరిగించి మూతపెట్టి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ప్లాస్టిక్ సీసాలో బిగించి పెట్టండి. అసలు గాఢతను ఆక్జాలిక్ ఆమ్లంతో తేల్చండి. ఆక్జాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ 1.261 గ్రాములు 200 మి.లీ.కి చేస్తే 0.05 మోలార్ వస్తుంది. అది 10 మి.లీ. తీసుకుని, ఫినాఫ్తలీన్ వేసి, మీ క్షారంతో టైట్రేట్ చేయండి. 9.80 మి.లీ. పట్టిందనుకుందాం. ఒక మోల్ ఆక్జాలిక్ ఆమ్లానికి రెండు మోల్స్ క్షారం కావాలి కాబట్టి 10 × 0.05 × 2 ను 9.80తో భాగిస్తే 0.1020 మోలార్. ఈ అంకెనే ముందుకు తీసుకెళ్దాం.

నీటి విషయంలో పట్టుదలగా ఉండండి. వంటింటి ఆర్‌ఓ మెషిన్ నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌కు బదులు పనికిరావు. అందులో లవణాలుంటే గ్రాఫ్ మొత్తం కొంచెం పైకి లేస్తుంది, దాంతో పెద్ద నష్టం లేదు. నష్టం బైకార్బనేట్‌తో. అది మీ ఆమ్లాన్ని తినేస్తుంది. బోరు నీటి క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాములు అనుకుంటే, బీకరు కడిగాక అడుగున మిగిలిన ఒక్క మిల్లీలీటరు కూడా మనం చేయబోయే టైట్రేషన్‌లో ఆమ్లాన్ని 0.8 శాతం తగ్గిస్తుంది. బీకరును చివర్లో రెండు మూడు సార్లు డిస్టిల్డ్ వాటర్‌తో తొలవండి. తర్వాత అది తడిగా ఉన్నా పర్వాలేదు, ఎందుకో కింద చెబుతాను.

సెల్, మీటర్ అమర్చడం

సెల్ అంటే గాజు గొట్టంలో ఎదురెదురుగా ఉన్న రెండు ప్లాటినం పలకలు. వాటి మీద నల్లటి పూత కనిపిస్తుంది, అది ప్లాటినం బ్లాక్. మురికి అనుకుని టిష్యూతో తుడిచేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ పూత పలకల ఉపరితలాన్ని ఎన్నో రెట్లు పెంచి, పలకల దగ్గర అయాన్లు పేరుకుపోకుండా చూస్తుంది. మీటరు ఏకముఖ విద్యుత్తు కాకుండా ఏకాంతర విద్యుత్తు పంపేది కూడా అందుకే. పూత గీసుకుపోతే గాఢ ద్రావణాల్లో రీడింగు తగ్గి చూపిస్తుంది. అంటే మీ ఎడమ గీత పైభాగం వంగుతుంది. పలకలను వేలితో ముట్టుకోవద్దు, గాజు బయటి వైపు మాత్రమే ఒత్తి తుడవండి.

మీటరును 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో సరిచూడండి. లీటరుకు 0.7455 గ్రాములు. 25 డిగ్రీల దగ్గర ఇది 1.413 మిల్లీసీమెన్స్ ప్రతి సెం.మీ. చూపించాలి. నిజం చెప్పాలంటే టైట్రేషన్‌కు ఈ కాలిబ్రేషన్ అత్యవసరం కాదు. సెల్ స్థిరాంకం ఐదు శాతం తప్పుగా ఉన్నా ప్రతి రీడింగూ ఐదు శాతం తప్పుతుంది, గీతలు రెండూ కలిసి పైకో కిందికో సాగుతాయి, అవి కలిసే చోటు మాత్రం పక్కకు జరగదు. అయినా చేయమనడానికి కారణం వేరు. మీ రీడింగులు ఉండాల్సిన పరిధిలో ఉన్నాయో లేదో చెప్పడానికి ఒక ఆధారం కావాలి. మొదటి రీడింగు చూడగానే ఆమ్లం సుమారు ఎంత గాఢతలో ఉందో తెలిసిపోతుంది.

సెల్ స్థిరాంకం ఎంతైనా ఫర్వాలేదు, కానీ మధ్యలో మారకూడదు. స్టాండుకు క్లాంపుతో బిగించి, ఒకసారి ముంచాక చివరి వరకు ఎత్తకండి. పలకల పైనున్న గాలి రంధ్రం ద్రావణంలో మునిగి ఉండాలి. మునగకపోతే పలకల మధ్య బుడగ చిక్కుకుంటుంది, రీడింగు ఉన్నట్టుండి తగ్గుతుంది, బుడగ పోయాక మళ్లీ ఎగురుతుంది. సెల్‌ను ముంచగానే ఒకసారి మెల్లగా పైకీ కిందికీ ఆడించి పక్క నుంచి చూస్తే బుడగ ఉందో లేదో కనిపిస్తుంది. సెల్ బీకరు గోడకు ఆనుకోకూడదు, అయస్కాంత స్టిరర్ కడ్డీకి తగలకూడదు.

50 మి.లీ. ఆమ్లంలో సెల్ మునగకపోతే డిస్టిల్డ్ వాటర్ పోయవచ్చు. పోసిన నీళ్లు ఆమ్లం మోల్స్‌ను మార్చవు, అందుకే తడి బీకరు ఫర్వాలేదన్నాను. కానీ ఎంత పోశారో కొలిచి రాసుకోండి. కింద వచ్చే దిద్దుబాటులో బీకరులో ఉన్న మొత్తం పరిమాణం కావాలి. చివర గాఢత లెక్కలో మాత్రం పిపెట్‌తో తీసిన ఆమ్లం పరిమాణమే వాడాలి. ఈ రెండు అంకెలను కలగలపడం రికార్డు పుస్తకాల్లో తరచూ కనిపించే తప్పు.

టైట్రేషన్ చేసేటప్పుడు

పిపెట్‌తో 50 మి.లీ. ఆమ్లం బీకరులోకి తీసుకోండి. రేంజ్ నాబ్ ఉన్న మీటరైతే 20 మిల్లీసీమెన్స్ రేంజ్ పెట్టి చివరి దాకా అక్కడే ఉంచండి. మధ్యలో 2కి మారిస్తే రెండు రేంజ్‌ల మధ్య ఉండే చిన్న తేడా గీతలో మెట్టులా కనిపిస్తుంది.

క్షారం ఒక్కో మిల్లీలీటరు వదలండి. వదిలాక కలిపి, అంకె నిలబడేదాకా పదిహేను ఇరవై సెకన్లు ఆగి రాయండి. స్టిరర్ నడుస్తుండగా చదివితే చివరి వరకు అలాగే చదవండి, ఆపి చదివితే ప్రతిసారీ ఆపండి. ఎండ్ పాయింట్ దగ్గర చుక్కచుక్కగా వదలాల్సిన పని లేదు. అక్కడ అర మిల్లీలీటరు చొప్పున రెండు బిందువులు తీసుకుంటే చాలు, అవి కూడా ఆకారం చూసుకోవడానికే. అసలు శ్రద్ధ పెట్టాల్సింది దాటాక. చాలామంది రీడింగు పెరగడం మొదలవగానే ఆపేస్తారు. కుడి గీతకు కనీసం నాలుగు మంచి బిందువులు కావాలి. ఎండ్ పాయింట్ ఐదు దగ్గరుంటే తొమ్మిది వరకు వెళ్లండి.

ఉష్ణోగ్రత గురించి కొంత ఆగి చెప్పాలి. వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది, ఆమ్లానికైతే 1.5 శాతం దగ్గర. మే నెలలో 31 డిగ్రీల ల్యాబ్‌లో ఉష్ణోగ్రత సవరణ లేని మీటరు 25 డిగ్రీల అంకె కంటే ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ చూపిస్తుంది. దానితో గొడవ లేదు, అన్ని రీడింగులూ ఒకేలా పెరుగుతాయి. గొడవంతా మధ్యలో మారితేనే. ఆమ్లం సీసా ఏసీ గదిలోంచి ఇప్పుడే తెచ్చినదైతే అది వేడెక్కుతున్నంత సేపూ రీడింగు పైకి పాకుతూనే ఉంటుంది. రెండు ద్రావణాలూ గది వేడికి వచ్చేదాకా ఆగండి. హాట్ ప్లేట్ ఉన్న స్టిరర్ అయితే అంతకుముందు ఎవరైనా వేడికి వాడారేమో చేత్తో తాకి చూడండి. తటస్థీకరణ వేడి గురించి కంగారు అక్కర్లేదు. మన 0.48 మిల్లీమోల్స్‌కు, మోల్‌కు 57 కిలోజౌల్స్ చొప్పున, వచ్చేది 27 జౌల్స్. 50 మి.లీ. నీటిని అది 0.13 డిగ్రీ మాత్రమే వేడెక్కిస్తుంది. పది రెట్ల గాఢ ద్రావణాలతో చేస్తే మాత్రం ఇదే 1.3 డిగ్రీలు అవుతుంది, అప్పుడు పట్టించుకోవాలి.

రీడింగులు, దిద్దుబాటు

25 డిగ్రీల దగ్గర, 0.1020 మోలార్ క్షారంతో, 50 మి.లీ. ఆమ్లానికి రీడింగులు ఇలా ఉన్నాయనుకోండి. మూడో గడిలో ఉన్నది పల్చబడడాన్ని సరిదిద్దిన విలువ. రీడింగును (50 + వదిలిన క్షారం) తో గుణించి 50తో భాగిస్తే అది వస్తుంది.

| క్షారం, మి.లీ. | రీడింగు, మిల్లీసీమెన్స్/సెం.మీ. | దిద్దిన విలువ |
|---|---|---|
| 0 | 3.95 | 3.95 |
| 1 | 3.29 | 3.36 |
| 2 | 2.65 | 2.76 |
| 3 | 2.03 | 2.15 |
| 4 | 1.44 | 1.56 |
| 4.5 | 1.15 | 1.25 |
| 5 | 1.16 | 1.28 |
| 6 | 1.57 | 1.76 |
| 7 | 1.96 | 2.23 |
| 8 | 2.33 | 2.70 |
| 9 | 2.70 | 3.19 |

రెండో గడిని మాత్రమే చూసి అతి తక్కువ రీడింగు వెతికితే 4.5 దొరుకుతుంది. అది ఎండ్ పాయింట్ కాదు, మీరు అక్కడ ఆగి చదివారు కాబట్టి దొరికిన అంకె.

ఇప్పుడు దిద్దిన విలువలతో గ్రాఫ్ గీయండి. కోఠిలో దొరికే మిల్లీమీటర్ గ్రాఫ్ కాగితం మీదైతే ఒక మిల్లీలీటరు క్షారానికి రెండు సెంటీమీటర్లు పెట్టండి, అప్పుడు 0.05 మి.లీ. అంటే ఒక చిన్న గడి. ఎడమ గీతకు 0 నుంచి 4 దాకా ఉన్న ఐదు బిందువులు, కుడి గీతకు 6 నుంచి 9 దాకా ఉన్న నాలుగు తీసుకోండి. 4.5, 5 రెండిటినీ గీతల్లో కలపకండి. స్కేలు పెట్టి, గీతలను ఒకదాన్నొకటి దాటేదాకా పొడిగించండి. బిందువులన్నిటినీ చేత్తో నునుపుగా కలిపి అడుగున గుండ్రంగా మలచడం ఈ ప్రయోగంలో చేయకూడని పని.

ఎడమ గీత వాలు మి.లీ.కి −0.599, మొదలు 3.954. కుడి గీత వాలు 0.476, పొడిగిస్తే సున్నా దగ్గర −1.10. రెండూ కలిసేది (3.954 + 1.10) ÷ (0.599 + 0.476), అంటే 4.70 మి.లీ. దగ్గర. స్ప్రెడ్‌షీట్‌లో అయితే A గడిలో క్షారం, B గడిలో రీడింగు రెండో వరుస నుంచి వేసుకుని, మొదటి ఫార్ములాను C2లో పెట్టి C12 దాకా కిందికి లాగండి. రెండోది నేరుగా ఎండ్ పాయింట్ ఇస్తుంది.

```
=B2*(50+A2)/50
=(INTERCEPT(C9:C12,A9:A12)-INTERCEPT(C2:C6,A2:A6))/(SLOPE(C2:C6,A2:A6)-SLOPE(C9:C12,A9:A12))
```

ఆమ్లం గాఢత 4.70 × 0.1020 ÷ 50 = 0.00959 మోలార్. లీటరుకు గ్రాముల్లో కావాలంటే 36.46తో గుణించండి, 0.350 వస్తుంది.

దిద్దుబాటు చేయకపోతే ఏమయ్యేదో కూడా చూద్దాం, ఎందుకంటే చాలా ల్యాబుల్లో క్షారం పది రెట్లుంది కదా అని దాన్ని వదిలేస్తారు. అవే బిందువులు, అవే గీతలు, కానీ రెండో గడి అంకెలతో: ఎడమ వాలు −0.628, కుడి వాలు 0.376, కలిసే చోటు 4.59. అంటే 2.3 శాతం తక్కువ. పది రెట్ల క్షారం వాడినా ఇంత తేడా వచ్చింది. కారణం కుడి గీతలో ఉంది. 9 మి.లీ. దగ్గర ద్రావణం 18 శాతం పల్చబడింది, 6 దగ్గర 12 శాతమే. దూరం బిందువు ఎక్కువ కుంగడంతో గీత పడుకుని, పొడిగించినప్పుడు ఎడమ గీతను అసలు చోటుకు ముందే తగులుతుంది. దిద్దుబాటుకు పట్టేది ఒక గుణకారం, ఒక భాగహారం. వదిలేయడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

గ్రాఫ్ చూసి తప్పు పట్టుకోవడం

మొదట వాలుల నిష్పత్తి చూడండి. మన దిద్దిన గీతల్లో 0.599ని 0.476తో భాగిస్తే 1.26. పైన అయాన్ల అంకెలతో వచ్చిన 1.2కి ఇది దగ్గరగానే ఉంది. ఆ అంకెలు అతి పల్చని ద్రావణాలవి కాబట్టి ఈ మాత్రం తేడా సహజం. దిద్దని గీతల్లో ఈ నిష్పత్తి 1.67. ఎవరి రికార్డులోనైనా కుడి కాలు అంత చదునుగా పడుకుని ఉంటే దిద్దుబాటు మరిచారేమో ముందు అడగండి. దిద్దాక కూడా చదునుగానే ఉంటే క్షారాన్ని అనుమానించాలి.

పాత క్షారం గ్రాఫ్ అడుగును కూడా పాడుచేస్తుంది. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసేచోట V మొన సూదిగా ఉండాలి. అక్కడ గుండ్రంగానో, చిన్న చదును మెట్టుగానో కనిపిస్తే అది వాటి స్వభావం కాదు. క్షారంలో చేరిన కార్బనేట్ మొదట ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా ద్రావణంలోనే కరిగి ఉంటుంది. ఆమ్లం అయిపోయాక వచ్చే హైడ్రాక్సైడ్ నేరుగా మిగలకుండా ముందు దాన్ని బైకార్బనేట్‌గా మారుస్తుంది. బైకార్బనేట్ అయాన్ వాహకత 45 మాత్రమే. అందుకే 248 చొప్పున లేవాల్సిన గీత కాసేపు సోడియం 50, బైకార్బనేట్ 45 కలిపి 95 చొప్పున నీరసంగా పాకి, ఆ తర్వాతే అసలు వాలుకు వస్తుంది. అప్పుడు కుడి గీతను దూరపు బిందువులతో పొడిగిస్తే ఎండ్ పాయింట్ కుడివైపుకు జరిగి కనిపిస్తుంది. గీతలతో సర్దుబాటు చేయడం కంటే క్షారం కొత్తగా చేసుకోవడమే దారి.

తర్వాత అడుగు ఎత్తు చూడండి. ఎండ్ పాయింట్ దగ్గర దిద్దిన విలువ 1.14, మొదటిది 3.95, అంటే 29 శాతం. మీకు ఇది 40, 50 శాతం వస్తే బీకరులో ఆమ్లం కాక వేరే లవణం ఉందన్నమాట. ఆ లవణం ఆమ్లంతో గానీ క్షారంతో గానీ కలవనిదైతే గ్రాఫ్ మొత్తం పైకి లేస్తుంది కానీ ఎండ్ పాయింట్ కదలదు. రంగు నీళ్లలోనూ మడ్డి నీళ్లలోనూ ఇండికేటర్ కనిపించని చోట ఈ పద్ధతి పనిచేసేదీ, దాని హద్దు ఉన్నదీ ఇక్కడే. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి చోట్ల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో ఆమ్లం కంటే ఎన్నో రెట్లు ఉప్పు ఉండవచ్చు. నేపథ్య వాహకత 40 మిల్లీసీమెన్స్ అయితే, మీటరు సగం శాతం అటూ ఇటూ ఊగినా 0.2 అవుతుంది. మన V మొత్తం లోతు 2.8 మాత్రమే. ఒక్కో మిల్లీలీటరుకు వచ్చే 0.6 మార్పులో మూడో వంతు ఆ ఊగులాటలో కలిసిపోతుంది. అలాంటి నమూనాకు పీహెచ్ మీటరుతో చేసే టైట్రేషన్ మేలు.

ఒక్క బిందువు మాత్రమే గీత నుంచి పక్కకు పడితే, అది కింద ఉంటే బుడగ, మీద ఉంటే లెక్క తప్పు లేదా ఎండ్ పాయింట్‌కు ముందైతే సరిగా కలవని ద్రావణం అనుకోండి. దాన్ని వదిలేసి మిగతావాటితో గీయడంలో తప్పులేదు, వదిలినట్టు రికార్డులో రాయండి. ఎడమ గీత మొత్తం మెల్లగా వంగి ఉంటే అది ఒక బిందువు సమస్య కాదు, ఉష్ణోగ్రతో పలకల పూతో మారుతోంది. అప్పుడు టైట్రేషన్ మళ్లీ చేయాలి.

పని అయ్యాక సెల్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లోనే ముంచి ఉంచండి. ప్లాటినం బ్లాక్ ఎండిపోతే మళ్లీ సరిగా తడవదు, మర్నాడు రీడింగులు నిలబడడానికి చాలాసేపు పడుతుంది. ఎండిన సెల్ చేతికొస్తే కొద్దిసేపు ఆల్కహాల్‌లో ముంచి, కడిగి, కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, పొటాషియం క్లోరైడ్ రీడింగు 1.413 దగ్గర నిలకడగా వచ్చాకే వాడండి. బ్యూరెట్‌లో క్షారం రాత్రంతా ఉంచకండి, గాజు స్టాప్‌కాక్ అయితే పట్టేసి తిరగదు.